హాస్టల్ మెస్‌లో పప్పు, కూరలు పెంచమని కమిటీకి ఉత్తరం రాయడం ఎలా: లెక్కలతో, నమూనాతో

"మెస్‌లో తిండి బాగోలేదు, ప్రోటీన్ పెంచమని లెటర్ రాయాలి, ఫార్మాట్ పంపండి" అని అడిగేవాళ్లు ప్రతి సెమిస్టర్ మొదట్లో కనబడతారు. ఫార్మాట్ రెండు నిమిషాల పని. నేను మెస్ కమిటీలో ఉన్నప్పుడు ఫార్మాట్ బాగాలేదని ఏ ఉత్తరాన్నీ పక్కన పెట్టలేదు. "పౌష్టికాహారం అందించగలరు" అని రాసిన కాగితం చదివాక రేపు స్టోర్ నుంచి ఏ సరుకు ఎన్ని కిలోలు తీయాలో తెలియదు, అందుకే పక్కన పడేది. కమిటీ ఆ కాగితాన్ని చూసి నేరుగా ఇండెంట్, అంటే స్టోర్ నుంచి తీయాల్సిన సరుకుల చీటీ, రాసుకోగలిగితే ఉత్తరం పనిచేసినట్టే.

ఇక్కడ చెప్పేది యూనివర్సిటీ, కాలేజీ హాస్టళ్లలోని డివైడింగ్ మెస్ గురించి. అంటే నెల ఖర్చంతా కూడి, తిన్న రోజుల లెక్కన విద్యార్థుల మీద పంచే పద్ధతి. కాంట్రాక్టర్ నడిపే మెస్ అయితే అగ్రిమెంట్‌లో ఉన్న మెనూ కాపీ ముందు సంపాదించండి, మిగతా పని ఇదే. ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లలో మెనూ, డైట్ ఛార్జీలు పైనుంచి వస్తాయి కాబట్టి అక్కడ ఉత్తరం హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్ ద్వారా వెళ్లాలి. ఉన్న మెనూ సరిగ్గా అమలవుతోందా అన్నదే అక్కడ మొదటి ప్రశ్న.

## 1. ఈ కాగితం ఎవరెవరు చదువుతారు

పేరుకు మెస్ కమిటీ అంటాం గానీ, ఉత్తరాన్ని ముగ్గురు మూడు రకాలుగా చదువుతారు.

మెస్ సెక్రటరీ, లెక్కలు చూసే విద్యార్థి ప్రతినిధి చూసేది ఒక్కటే: బిల్లు ఎంత పెరుగుతుంది? రోజుకు మూడు రూపాయలు పెరిగినా నెలాఖరున నోటీసు బోర్డు దగ్గర తిట్లు తినేది వాళ్లే.

వంటమాస్టర్ చూసేది పని. ఎంతమంది కోయాలి, ఎప్పుడు నానబోయాలి, ఏ పొయ్యి ఖాళీగా ఉంటుంది? ఆయన "కుదరదు" అంటే కమిటీ తీర్మానం చేసినా రెండు రోజుల్లో మళ్లీ పాత మెనూయే వస్తుంది.

వార్డెన్ గారికి గొడవ ఉండకూడదు. ఇది ఒకరిద్దరి కోరికా, అందరిదా? శాకాహారులకూ కుదురుతుందా? ఎవరైనా అభ్యంతరం చెబుతారా?

ఈ ముగ్గురి ప్రశ్నలకూ కాగితంలోనే జవాబుండాలి. కింద ఉన్న పనులన్నీ అందుకోసమే.

## 2. ముందు వారం రోజుల ఇండెంట్ చూడండి

ఉత్తరానికి పెట్టే శ్రమలో సగం ఇక్కడే పెట్టండి. స్టోర్‌లోంచి రోజూ ఏ సరుకు ఎన్ని కిలోలు తీశారో ఇండెంట్ రిజిస్టర్‌లో ఉంటుంది. డివైడింగ్ మెస్‌లో ఖర్చు విద్యార్థులదే కాబట్టి చూడనివ్వమని అడగడంలో తప్పు లేదు. అయితే "చెక్ చేయడానికి వచ్చాం" అన్నట్టు వెళ్తే స్టోర్‌కీపర్ తాళం తీయడు. మెస్ సెక్రటరీని వెంటబెట్టుకుని, మధ్యాహ్నం భోజనాల హడావిడి అయ్యాక, మూడు గంటల ప్రాంతంలో వెళ్లండి. ఫొటోలు తీయకుండా నోట్‌బుక్‌లో రాసుకోండి.

రాసుకోవాల్సినవి:

- ఆ పూట తిన్నవాళ్ల సంఖ్య (రోల్‌లో ఉన్నవాళ్లది కాదు, అటెండెన్స్ ప్రకారం)
- కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు, శనగలు: ఏ పూటకు ఎన్ని కిలోలు
- కూరగాయలు పేరుపేరునా. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ విడిగా
- పాలు లేదా పెరుగు ఎన్ని లీటర్లు
- గుడ్లు, చికెన్ వారానికి ఎన్నిసార్లు, ఎంత
- ప్రతి సరుకుకూ బిల్లులో ఉన్న ధర

వారమంతా చూడమనడానికి కారణముంది. ఆదివారం చికెన్ రోజు ఒక్కటే చూస్తే మీ మెస్ గొప్పగా కనిపిస్తుంది, గురువారం ఒక్కటే చూస్తే ఘోరంగా కనిపిస్తుంది. పండగ సెలవులు, పరీక్షల వారం కూడా వద్దు, అప్పుడు తినేవాళ్ల సంఖ్య మారిపోతుంది.

రిజిస్టర్ చూపించకపోతే? వడ్డించే ముందు పప్పు గిన్నె దగ్గర నిలబడి మాస్టర్‌నే అడగండి: "అన్నా, ఇయ్యాల ఎన్ని కిలోల పప్పు పోసినవ్?" చాలామంది మొహమాటం లేకుండా చెప్పేస్తారు. నాలుగైదు రోజులు అడిగితే సగటు తెలిసిపోతుంది.

## 3. కిలోలను మనిషికి గ్రాముల్లోకి మార్చండి

ఇక్కడి నుంచి ఒక ఊహా హాస్టల్ తీసుకుందాం. సగటున 200 మంది తింటారు. అంకెలన్నీ లెక్క చూపించడానికి వేసుకున్నవి. మీరు మీ రిజిస్టర్ అంకెలు వేసుకోవాలి.

మధ్యాహ్నం పప్పుకు 4 కిలోల కందిపప్పు పోస్తున్నారు. 4,000 గ్రాములను 200తో భాగిస్తే మనిషికి 20 గ్రాములు. కందిపప్పులో నూటికి 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. అంటే ఆ పూట పప్పు నుంచి వచ్చేది నాలుగున్నర గ్రాములు కూడా కాదు. గరిటె నిండా పప్పు పడుతోందని సంబరపడతాం గానీ అందులో ఎక్కువ భాగం నీళ్లే.

ఇలాగే మిగతావీ వేయండి. పనికొచ్చే సుమారు లెక్కలివి, అన్నీ వండకముందు బరువుకే:

- పప్పులు, శనగలు, బొబ్బర్లు: 100 గ్రాములకు 20 నుంచి 24 గ్రాముల ప్రోటీన్
- మీల్‌మేకర్: 100 గ్రాములకు 50 గ్రాములు
- వేరుశనగ: 100 గ్రాములకు 25 గ్రాములు
- గుడ్డు ఒకటి: 6 గ్రాములు
- పాలు, పెరుగు: 100 మి.లీ.కు 3 గ్రాములు
- బియ్యం: 100 గ్రాములకు 7 నుంచి 8 గ్రాములు

మన ఊహా హాస్టల్లో రోజుకు మనిషికి 300 గ్రాముల బియ్యం, మధ్యాహ్నం పప్పు, రాత్రి సాంబారు, పొద్దున టిఫిన్, 100 మి.లీ. పాలు, వారానికి రెండు గుడ్లు, ఆదివారం చికెన్ కలిపితే రోజు సగటు 43 గ్రాములు తేలింది. అందులో సగం, అంటే 22 గ్రాములు, అన్నం నుంచే. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, ఆ లోటు పప్పు పూడుస్తుంది. కాబట్టి మొత్తం అంకెతో పాటు పప్పు వాటా ఎంతో కూడా రాయాలి.

ఎంత కావాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం పెద్దవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. జిమ్‌కు వెళ్లేవాళ్ల లెక్క వేరే, దాన్ని ఈ ఉత్తరంలోకి తేకండి. "జిమ్ పిల్లల గోల" అని ఒక్క ముద్ర పడితే కాగితం అక్కడే ఆగిపోతుంది.

కూరగాయల దగ్గర ఇంకో చిక్కుంది. రిజిస్టర్‌లో రోజుకు 36 కిలోలని ఉంటే మనిషికి 180 గ్రాములు, ఫర్వాలేదు అనిపిస్తుంది. అందులోంచి ఆలుగడ్డ, ఉల్లిగడ్డ తీసేయండి. మన ఉదాహరణలో మిగిలేది 20 కిలోలు, మనిషికి 100 గ్రాములు. అదే సంస్థ 2,000 కేలరీల పళ్లెంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు సూచించింది. అంతరం పెద్దదే. అయినా ఉత్తరంలో 400 అడిగితే ఇవ్వరు, 160 అడిగితే ఇవ్వగలరు.

## 4. ఏం అడగాలి: వంటింట్లో కుదిరేవే

ఇంట్లో నలుగురికి కుదిరింది రెండొందల మందికి కుదరదు. పెసరట్టు మంచి తిండే, కానీ పెనం మీద ఒక్కొక్కటే పోయాలి. తొమ్మిదింటికి క్లాసున్న రెండొందల మంది లైన్లో నిలబడితే మూడో రోజుకు మెనూలోంచి తీసేస్తారు. అదే పెసరపప్పుతో కట్టెపొంగలి ఒకే గుండిగలో అయిపోతుంది. అడిగే ప్రతిదాన్నీ ఇలా పరీక్షించండి: ఒకే గిన్నెలో అవుతుందా, ముందే చేసి పెడితే గంటసేపు ఆగుతుందా, కొత్త సామాను కొనాలా?

మా అనుభవంలో నిలబడినవి ఇవి.

సాయంత్రం గుగ్గిళ్లు. టీతో పాటు ఇచ్చే మైదా బోండా బదులు వారానికి మూడు రోజులు ఉడికించిన శనగలు లేదా బొబ్బర్లు. మనిషికి పచ్చి శనగలు 30 గ్రాములు, మొత్తం 6 కిలోలు. నానితే దాదాపు రెట్టింపవుతాయి. కుక్కర్లో ఉప్పేసి ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెడితే చాలు. దీన్ని చెడగొట్టేది ఒకటే: ముందు రాత్రి నానబోయడం మర్చిపోవడం. శనగలు కనీసం ఎనిమిది గంటలు నానాలి. మర్చిపోయిన రోజు పెసలు వాడొచ్చు, అవి నానకపోయినా కుక్కర్లో ఉడుకుతాయి. ఎండాకాలంలో పొద్దున ఒకసారి నీళ్లు వంపి మార్చకపోతే సాయంత్రానికి పులిసిన వాసన వస్తుంది, ఆ వాసన ఒక్కసారి వస్తే నెలంతా ఎవరూ ముట్టరు.

ఆలు కుర్మా బదులు మీల్‌మేకర్. వారానికి ఒకసారి చాలు. మనిషికి 20 గ్రాములు, అంటే 10 గ్రాముల ప్రోటీన్. మెస్‌లో మీల్‌మేకర్‌ను పారేసేది వాసనకే. ఉప్పేసిన మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, చల్లనీళ్లతో కడిగి, గట్టిగా రెండుసార్లు పిండితే ఆ వాసన పోతుంది. తొందరలో ఆ పిండడమే మానేస్తారు. ఉత్తరంలో ఈ మాట రాయక్కర్లేదు, మాస్టర్‌తో మాట్లాడేటప్పుడు చెప్పండి.

పప్పు బరువు పెంచడం. "పప్పు చిక్కగా చేయండి" అని రాయకండి. చిక్కదనం శనగపిండి కలిపినా వస్తుంది, నీళ్లు తక్కువ పోసినా వస్తుంది. "మధ్యాహ్నం కందిపప్పు 4 కిలోల నుంచి 6 కిలోలకు" అని రాయండి. అది ఇండెంట్‌లో కనిపిస్తుంది, ఎవరైనా చూసి నిర్ధారించుకోవచ్చు.

రాత్రికి ఒక కూర. చాలా మెస్‌లలో రాత్రి సాంబారు, పచ్చడి, మజ్జిగతో సరిపెడతారు. 12 కిలోల కూరగాయలతో ఒక ఇగురో వేపుడో పడితే మనిషికి 60 గ్రాములు వస్తుంది. కోత తేలికైనవి అడగండి: సొరకాయ, గుమ్మడి, క్యాబేజీ, దోసకాయ. దొండకాయ, గోరుచిక్కుడు పేర్లు రాస్తే మాస్టర్ ముఖం మాడుతుంది, అవి తరిగేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఆకుకూర విడి కూరగా అడగకుండా వారానికి రెండు రోజులు పప్పులోనే వేయమనండి. వానాకాలంలో కట్టలకు మట్టి ఎక్కువగా ఉంటుంది, కడగడానికే ఒక మనిషి కావాలి. ఇంకో జాగ్రత్త: "సోమవారం బీన్స్" అని పేరు బిగించొద్దు. "ఆ వారం చవకగా దొరికే కూరగాయ" అని రాస్తే, టమాటా కొండెక్కిన నెలలో కూడా మీ మెనూ నడుస్తుంది. రైతుబజార్ ధరల బోర్డు చూసి మార్చుకుంటారు.

గుడ్డు తినని వాళ్లకు అరటిపండు. ఇది దాదాపు అన్ని హాస్టళ్లలో ఉన్న అలవాటు, నాకు ఎప్పుడూ కోపం తెప్పించేదీ ఇదే. గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్ ఉంటే అరటిపండులో ఒక్క గ్రామే. మెస్‌లో ప్రోటీన్ తక్కువగా అందేవాళ్లకే ఇంకా తగ్గించి ఇస్తున్నాం. గుడ్డు రోజున వాళ్లకు 30 గ్రాముల శనగల గుగ్గిళ్లు లేదా ఒక పల్లీ చిక్కీ ఇమ్మనండి. ఖర్చులో పెద్ద తేడా రాదు.

అదనపు గుడ్డు సంగతి కావాలనే ఇక్కడ పెట్టలేదు. వారానికి ఒక గుడ్డు పెంచినా సగటున రోజుకు గ్రాము కూడా పెరగదు, బిల్లు మాత్రం అందరికీ పెరుగుతుంది. తినని వాళ్ల మీద కూడా ఆ ఖర్చు పడితే గొడవే. కావాలనుకుంటే దాన్ని విడిగా, జనరల్ బాడీలో ఓటుకు పెట్టండి.

## 5. ఖర్చు మీరే వేయండి

ప్రతి కోరిక పక్కన మూడు అంకెలు ఉండాలి: కొత్తగా అయ్యేది, తీసేసిన దానివల్ల మిగిలేది, తేడా. మన ఉదాహరణలో కందిపప్పు కిలో 130, శనగలు 80, మీల్‌మేకర్ 120, కూరగాయలు సగటున 35, ఆలుగడ్డ 30 రూపాయలు అనుకుందాం.

గుగ్గిళ్లకు శనగలు 480 రూపాయలు, మనిషికి 2.40. తాలింపు 40 పైసలు కలిపితే 2.80. బోండా మనిషికి 4 రూపాయలు పడుతోంది. అంటే ప్రతిసారీ 1.20 మిగులుతుంది, వారానికి 3.60. మీల్‌మేకర్ 4 కిలోలు 480, అది తీసేసే ఆలుగడ్డ 20 కిలోలు 600. మనిషికి 60 పైసలు మిగిలాయి.

పప్పుకు రోజుకు 260 అదనం, మనిషికి 1.30. చికెన్ రోజు వదిలేసి ఆరు రోజులకు 7.80. రాత్రి కూర 420, మనిషికి 2.10, నూనె 50 పైసలు కలిపి 2.60. వారానికి ఐదు రోజులకు 13 రూపాయలు.

పెరిగింది 20.80, మిగిలింది 4.20. తేడా వారానికి 16.60, నెలకు సుమారు 71 రూపాయలు. ఈ 71 దాచకండి. ఉత్తరంలో బోల్డ్‌గా కనిపించేటట్టు రాయండి. దాచిన అంకెను మీటింగ్‌లో ఇంకెవరో బయటకు లాగితే మిగతా లెక్కలన్నీ అబద్ధాలే అనుకుంటారు.

ప్రోటీన్ లెక్కలోనూ తీసేసిన వాటిది తగ్గించాలి. మైదా బోండాలో కూడా మూడు గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి, గుగ్గిళ్ల వల్ల నిజంగా పెరిగేది 6 కాదు, 3. ఇలా అన్నీ చూస్తే మన హాస్టల్లో రోజుకు సగటున 5 గ్రాములు పెరిగి 43 కాస్తా 48 అవుతుంది. 50కి చేరలేదు. ఉన్నది ఉన్నట్టే రాయండి.

## 6. ఉత్తరానికి ముందే వంటమాస్టర్‌తో మాట

కాగితం ఇచ్చాక ఆయనకు వేరేవాళ్ల ద్వారా తెలిస్తే ఫిర్యాదులా వినిపిస్తుంది. ముందే వెళ్లి అడగండి. ఒకసారి గుగ్గిళ్ల సంగతి కదిపితే మా మాస్టర్ అన్న మాట: "ఉడకబెట్టుడు ఎంతసేపు బాబూ, రాత్రి పదింటికి నానబోసేటోడు ఎవడో చెప్పు." నిజానికి ప్రశ్నంతా అదే. రాత్రి స్టోర్ తాళం కేర్‌టేకర్ దగ్గర ఉంటుంది, వంటవాళ్లు తొమ్మిదిన్నరకే వెళ్లిపోతారు. సాయంత్రమే శనగలు తూచి బయట పెట్టించి, రాత్రి వడ్డన ముగించే మనిషితో నీళ్లు పోయించాలని తేలింది.

ఆయన్ని అడగాల్సినవి:

- ఆ టైమ్‌కు పొయ్యి, పెద్ద కుక్కర్ ఖాళీ ఉంటాయా
- కోతకు ఇంకో మనిషి కావాలా, ఏ కూరలైతే అక్కర్లేదు
- వారంలో ఏ రోజు పని తక్కువ

ఆయన చెప్పిన రోజుల్నే ఉత్తరంలో రాయండి.

## 7. నమూనా ఉత్తరం

ఒక పేజీ దాటొద్దు. లెక్కల కాగితం, సంతకాల కాగితం విడిగా జత చేయండి. పేర్లు, అంకెలు మీవి పెట్టుకోండి.

> తేదీ: ………
>
> మెస్ కమిటీ సభ్యులకు,
> (హాస్టల్ వార్డెన్ గారి ద్వారా)
>
> విషయం: మెస్ మెనూలో పప్పుధాన్యాలు, కూరగాయలు పెంచడానికి నాలుగు మార్పులు, రెండు వారాల ప్రయోగం కోసం వినతి.
>
> గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.
>
> మెస్ సెక్రటరీ గారి సహకారంతో ……… తేదీ నుంచి ……… తేదీ వరకు ఇండెంట్ రిజిస్టర్ చూశాం. సగటున 200 మంది భోజనం చేస్తున్నారు. మనిషికి మధ్యాహ్నం 20 గ్రాముల కందిపప్పు, రోజు మొత్తానికి ఆలుగడ్డ, ఉల్లిగడ్డ కాకుండా 100 గ్రాముల కూరగాయలు అందుతున్నాయి. ప్రోటీన్ రోజుకు సగటున 43 గ్రాములు, అందులో సగం అన్నం నుంచే వస్తోంది. ఐసీఎంఆర్, జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం 60 కిలోల బరువున్న వారికి సుమారు 50 గ్రాములు అవసరం.
>
> కింది మార్పులను పరిశీలించమని కోరుతున్నాం.
>
> 1. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం బోండా బదులు గుగ్గిళ్లు (శనగలు లేదా బొబ్బర్లు 6 కిలోలు).
> 2. గురువారం మధ్యాహ్నం ఆలు కుర్మా బదులు మీల్‌మేకర్ కూర (4 కిలోలు). ఆదివారం తప్ప మిగతా రోజుల్లో కందిపప్పు 4 కిలోల నుంచి 6 కిలోలకు.
> 3. సోమవారం నుంచి శుక్రవారం వరకు రాత్రి ఒక కూర (12 కిలోలు, ఆ వారం చవకగా దొరికే కూరగాయతో).
> 4. గుడ్డు ఇచ్చే రోజుల్లో గుడ్డు తినని వారికి అరటిపండు బదులు గుగ్గిళ్లు లేదా పల్లీ చిక్కీ.
>
> ప్రస్తుత బిల్లుల ధరల ప్రకారం వీటివల్ల మెస్ బిల్లు మనిషికి నెలకు సుమారు 71 రూపాయలు పెరుగుతుంది. గ్యాస్ ఖర్చు ఇందులో కలపలేదు, అది ప్రయోగ సమయంలో తేలుతుంది. ప్రోటీన్ రోజుకు సగటున 5 గ్రాములు, కూరగాయలు రాత్రి కూర ఉన్న రోజుల్లో 60 గ్రాములు పెరుగుతాయి.
>
> వంటమాస్టర్ గారితో మాట్లాడాం. ఆయన సూచన మేరకే రోజులు, కూరగాయలు ఎంచుకున్నాం. శనగలు నానబోయడానికి ముందు రోజు సాయంత్రమే స్టోర్ నుంచి సరుకు ఇప్పించవలసి ఉంటుంది.
>
> వచ్చే నెల మొదటి సోమవారం నుంచి రెండు వారాలు ప్రయోగంగా అమలు చేయమని, ఆ తర్వాత మిగిలిన తిండి బరువు, ఖర్చు చూసి నిర్ణయం తీసుకోమని మనవి. ఆ వివరాలు నమోదు చేయడానికి మాలో ఇద్దరం రోజూ వస్తాం. తదుపరి సమావేశంలో ఐదు నిమిషాలు వివరించే అవకాశం ఇవ్వగలరు.
>
> ఇట్లు,
> (పేరు, గది నంబరు, కోర్సు)
>
> జతపరచినవి: 1. వారం ఇండెంట్ సారాంశం, ఖర్చు లెక్క 2. విద్యార్థుల సంతకాలు
> ప్రతి: చీఫ్ వార్డెన్ గారికి

ఇంగ్లిష్‌లో ఇవ్వాలని ఆఫీసు పట్టుబడితే ఇవ్వండి, కానీ తెలుగు కాపీ ఒకటి వంటింటికి వెళ్లాలి. నాలుగు అంశాలు మాస్టర్ గోడకు అతికించుకునేలా ఉండటం ముఖ్యం.

సంతకాలు సేకరించేటప్పుడు ఖాళీ కాగితం మీద తీసుకోకండి. నాలుగు మార్పులు, 71 రూపాయలు పైన రాసి ఉన్న కాగితం మీదే తీసుకోండి. బిల్లు వచ్చాక "మాకు చెప్పలేదు" అనేవాళ్లు సంతకం పెట్టినవాళ్లలోనే ఉంటారు.

## 8. ఎక్కువగా జరిగే తప్పులు, సరిదిద్దుకునే తీరు

కోపం కాగితం మీదికి రావడం. "పశువులు కూడా తినని భోజనం" లాంటి వాక్యం రాస్తే మీటింగ్‌లో ఆ వాక్యం మీదే చర్చ జరుగుతుంది. పురుగు వచ్చింది, పప్పు మాడింది లాంటివి ఫిర్యాదు రిజిస్టర్‌లో తేదీతో సహా విడిగా రాయండి. రెండూ కలిపితే ఫిర్యాదుకు క్షమాపణ చెప్పి మెనూ సంగతి వదిలేస్తారు.

పది కోరికలు. పనీర్, డ్రై ఫ్రూట్స్, ఓట్స్, ఫ్రూట్ సలాడ్ కలిపి రాస్తే ఖరీదైన దాన్ని చూపించి మొత్తం కొట్టేస్తారు. నాలుగు చాలు. వాటిలో కనీసం రెండు ఖర్చు పెంచనివి ఉండాలి.

పచ్చి సలాడ్ అడగడం. కీరా, క్యారట్ ముక్కలు కాగితం మీద బాగుంటాయి. కడిగే నీళ్లు, కోసే కత్తిపీట, కోశాక గంటలకొద్దీ బయట ఉండటం చూస్తే మీరే వెనక్కి తగ్గుతారు. మంచినీళ్లతో కడిగి, వడ్డించే ముందే కోసే ఏర్పాటు లేకపోతే ఉడికించిన కూరే మేలు.

ఏదో పెంచమని, దేనికి బదులో చెప్పకపోవడం. మీరు చెప్పకపోతే వాళ్లే తగ్గిస్తారు, అది చాలాసార్లు పెరుగే అవుతుంది. పెరుగు నీళ్ల మజ్జిగగా మారిందంటే సర్దుబాటు ఎక్కడ జరిగిందో అర్థం చేసుకోవచ్చు. పాల లీటర్లు తగ్గకూడదని మీటింగ్‌లో నోటితో చెప్పి మినిట్స్‌లో రాయించండి.

## 9. ఉత్తరం ఇచ్చాక

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. వారంలో జవాబు రాకపోతే మెస్ సెక్రటరీని నేరుగా కలిసి, వచ్చే సమావేశం అజెండాలో చేరిందో లేదో అడగండి. వాట్సాప్ గ్రూపులో నిలదీయొద్దు.

మీటింగ్‌లో "బిల్లు పెరుగుతుంది" అనే మాట తప్పకుండా వస్తుంది. అప్పుడు నాలుగూ కాపాడుకోవాలని వాదించకండి. గుగ్గిళ్లు, మీల్‌మేకర్, అరటిపండు మార్పు ఇవాళే మొదలుపెట్టొచ్చు, వాటితో బిల్లు పెరగదు. పప్పును 5 కిలోలకు, రాత్రి కూరను మూడు రోజులకు తగ్గించుకుంటే పెరుగుదల నెలకు 71 నుంచి 32 రూపాయలకు దిగుతుంది. ఈ రెండో లెక్క ముందే వేసి జేబులో పెట్టుకోండి.

ప్రయోగం నడిచే రెండు వారాలూ రోజూ చూడాల్సినవి:

- ఇండెంట్‌లో ఒప్పుకున్న కిలోలే తీశారా
- కొత్త వంటకం ఆఖరి బ్యాచ్ వాళ్లకు కూడా అందిందా
- పళ్లేల్లో వదిలేసినది ఒక వేరే బకెట్‌లో వేయించి తూస్తే ఎంత
- ఎవరికైనా కడుపుబ్బరం లాంటి ఇబ్బంది ఉందా (శనగలు, బొబ్బర్లు మార్చిమార్చి ఇస్తే, బాగా నానితే తగ్గుతుంది)

వదిలేసిన బరువు వండినదాంట్లో ఐదో వంతు దాటితే ఆ వంటకం కారణం వెతకండి. మీల్‌మేకర్ అయితే పిండకపోవడం, రాత్రి కూర అయితే ఐదింటికే చేసి ఎనిమిదిన్నర దాకా మూతపెట్టి ఉంచడం అనుకోవచ్చు. మెనూ మార్చే ముందు ఆ ఒక్క పని మార్చి ఇంకోసారి చూడమని అడగండి. ఆఖరి బ్యాచ్‌కు అందకపోతే మాత్రం బరువు పెంచమనే ముందు వడ్డన చూడండి. మొదట వచ్చినవాళ్లకు రెండు గరిటెలు పడుతున్నాయేమో.

రెండు వారాలయ్యాక ఒకే పేజీలో మూడు అంకెలు రాసి కమిటీకి ఇవ్వండి: నిజంగా పెరిగిన ఖర్చు, వదిలేసిన తిండి బరువు, అమలు కాని రోజులు ఎన్ని. మెనూ శాశ్వతంగా మారితే సవరించిన మెనూ నోటీసు బోర్డు మీద కిలోలతో సహా పెట్టమనండి. కొత్త కమిటీ వచ్చినప్పుడు ఆ కాగితమే ఆధారం.